పక్క ప్లాటులో సెల్లార్ తవ్వుతుంటే మన అద్దె మాటేమిటి?

హైదరాబాద్‌లో ఖాళీ ప్లాటు పక్కన ఫ్లాటు దొరికితే గాలి, వెలుతురు బాగున్నాయని సంబరపడి అద్దెకు దిగుతాం. ఆ ప్లాటు చుట్టూ రేకులు కట్టి ప్రొక్లెయిన్ దించిన రోజు నుంచి సీను మారిపోతుంది. పైమట్టి నాలుగైదు రోజుల్లో లారీలకెక్కుతుంది. ఆ తర్వాత రాయి తగులుతుంది. నగరంలో చాలాచోట్ల కొన్ని అడుగుల లోతులోనే గ్రానైట్ ఉంటుంది కాబట్టి, ప్రొక్లెయిన్‌కు బకెట్ తీసేసి బ్రేకర్ బిగిస్తారు. పొద్దున తొమ్మిదింటికి మొదలైన చప్పుడు సాయంత్రం దాకా ఆగదు. కిటికీలన్నీ మూసినా వంటింట్లో గిన్నెలు మోగుతూనే ఉంటాయి. తుడిచిన గంటకే టీవీ మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. రెండు మూడు వారాలు గడిచేసరికి పడకగది కిటికీ మూల నుంచి గోడ మీద ఏటవాలుగా సన్నటి గీత కనిపిస్తుంది. అద్దె మాత్రం ఎప్పటిలాగే ఒకటో తేదీకి కట్టాలి.

ఈ కొన్ని నెలలకు అద్దె తగ్గించమని అడగొచ్చా? అడగొచ్చు, అడగాలి కూడా. కానీ చాలామంది అడిగే తీరులోనే దెబ్బతింటున్నారు. కొందరు ఓనర్‌కు ఫోన్ చేసి అరిచి ఊరుకుంటారు. కొందరు ఒక మాట చెప్పి, తర్వాతి నెల అద్దెలో తామే ఐదు వేలు కోసి పంపుతారు. మొదటి పద్ధతిలో ఏమీ రాదు. రెండో పద్ధతిలో న్యాయం ఎవరి వైపున్నా చట్టం ముందు అద్దె బాకీ పడింది అద్దెకున్న మనిషే.

నగరంలో రోజూ జరిగేవాటిని కలిపి ఒక ఉదాహరణ అల్లి చూద్దాం. కొండాపూర్ వైపు ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంట్. రెండో అంతస్తులో తూర్పు వైపు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. అద్దె 26,000 రూపాయలు, మెయింటెనెన్స్ వేరు, అడ్వాన్స్ రెండు నెలలది. పదకొండు నెలల అగ్రిమెంటులో ఇంకా ఆరు నెలలుంది. భర్త ఆఫీసుకు వెళ్తాడు, భార్య ఇంటి నుంచే పని చేస్తుంది, నాలుగేళ్ల పాప ఉంది. ఓనర్ రిటైరై కరీంనగర్‌లో ఉంటారు. తూర్పు ప్లాటులో తవ్వకం మొదలైంది. మూడు వారాలు ఓపిక పట్టి ఆ అబ్బాయి ఓనర్‌కు ఫోన్ చేశాడు.

"అంకుల్, ఇంట్లో ఉండలేకపోతున్నాం. ఈ నాలుగు నెలలు అద్దె కొంచెం తగ్గిస్తారా?"

"పక్కోడు కట్టుకుంటే నేనేం చేస్త బాబూ? నా లోన్ కిస్తీ ఏమన్న తగ్గుతదా?"

ఓనర్ మాటలో కటువుదనం ఉంటే ఉండొచ్చు గానీ, చట్టం కూడా దాదాపు ఇదే అంటుంది. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షన్ ఇంటి ఓనర్‌కూ అద్దెదారుకూ ఉండే హక్కులు, బాధ్యతలు చెబుతుంది. అద్దె సరిగా కడుతున్నంత కాలం అద్దెదారు ఆ ఇంటిని ఆటంకం లేకుండా అనుభవించేలా చూస్తానని ఓనర్ మాట ఇచ్చినట్టేనని అందులో ఉంది. ఇది చదివి చాలామంది ఆశపడతారు. అయితే కోర్టులు ఆ మాటను ఓనర్ వల్లగానీ, ఓనర్ ద్వారా హక్కు పొందినవాళ్ల వల్లగానీ వచ్చే ఆటంకానికే వర్తింపజేస్తాయి. సంబంధం లేని పక్క ప్లాటు మనిషి చేసే పనికి ఓనర్ పూచీ పడడు. అదే, పక్క ప్లాటు కూడా ఓనర్‌దే అయినా, దాన్ని ఆయనే డెవలప్‌మెంటుకు ఇచ్చినా కథ వేరు. అప్పుడు ఆటంకం ఆయన వల్లనే వచ్చినట్టు. అందుకే ముందుగా తెలుసుకోవాల్సింది ఆ ప్లాటు ఎవరిదన్న విషయం. సైటు దగ్గర పెట్టాల్సిన అనుమతి బోర్డులో ఓనర్ పేరు, బిల్డర్ పేరు, పర్మిషన్ నంబరు, ఎన్ని అంతస్తులు, ఎన్ని సెల్లార్లు అన్నీ ఉంటాయి. దాన్ని ఫొటో తీసి పెట్టుకోవాలి.

ఇల్లు ఉన్నా అనుకున్నట్టు వాడుకోలేకపోయాను కాబట్టి అద్దె కట్టనంటే కోర్టులు సులువుగా ఒప్పుకోవని కరోనా రోజుల్లో స్పష్టంగా తేలింది. 2020 మేలో ఢిల్లీ హైకోర్టు రామానంద్ వర్సెస్ గిరీష్ సోనీ కేసులో, లాక్‌డౌన్ వల్ల షాపు మూతపడినంత మాత్రాన అద్దె ఆగదని, అగ్రిమెంటులో అలాంటి షరతు ఉండాలని చెప్పింది. కట్టడానికి కాస్త గడువు మాత్రం ఇచ్చింది. దేశమంతా మూతపడిన కాలానికే ఆ మాట అన్నాక, పక్కింటి బ్రేకర్ చప్పుడుకు అద్దె దానంతటదే తగ్గుతుందని ఆశించలేం. మరో పక్క 1966లో సుప్రీంకోర్టు కలకత్తాలోని స్టీఫెన్ కోర్ట్ ఫ్లాటు కేసులో, అద్దెకిచ్చిన మూడు పడకగదుల్లో ఒకటి అద్దెదారు చేతికి రానందుకు అద్దెను ఆ మేరకు తగ్గించి లెక్కగట్టడం సబబేనంది. ఆ కేసులో గది ఇవ్వనిది ఓనరే కాబట్టి మన ఉదాహరణకు అది నేరుగా అతకదు. కానీ ఎంత భాగం వాడుకోలేకపోతే అంత భాగం అనే లెక్క పద్ధతి బేరానికి బాగా పనికొస్తుంది. దాని దగ్గరికి మళ్లీ వద్దాం.

తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది గదా అని కొందరు అడుగుతారు. మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు అది వర్తించదు. అంటే ఇవాళ్టి ఫ్లాట్లలో చాలావాటికి అగ్రిమెంటు కాగితమే చట్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2017 పేరుతో వేరే అద్దె చట్టం ఉంది కాబట్టి అక్కడివాళ్లు అది చూసుకోవాలి.

ఇంతదాకా చదివాక అద్దెదారు చేతిలో ఏమీ లేదనిపిస్తుంది. నా ఉద్దేశంలో అతని చేతిలో ఓనర్‌కు లేనిదొకటి ఉంది. ఆ గోడ ముందు రోజూ ఉండేది అతనే. పగులు ఏ రోజు వచ్చింది, ఎంత సాగింది, బ్రేకర్ ఎప్పుడు నడిచింది అన్నవి కరీంనగర్‌లో ఉన్న మనిషికి తెలిసే దారి లేదు. దుమ్ము, చప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాళ్ల ఇబ్బంది. వాటి మీద బిల్డర్‌ను నిలదీసే హక్కు అద్దెదారుకే ఉంది. గోడ పగులు మాత్రం ఆస్తికి జరిగే నష్టం, దాని పరిహారం అడగాల్సింది ఓనర్. ఆ పరిహారం రావాలంటే సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం తయారుచేసి ఇచ్చే మనిషిగా వెళ్తే, అద్దె తగ్గింపు మాట ఓనర్ చెవికి వేరేగా వినిపిస్తుంది.

కాబట్టి పగులు సంగతి కాస్త నిదానంగా చూడాలి. గిన్నెలు మోగాయి కాబట్టి గోడ బ్రేకర్ అదురుకే పగిలిందనుకోవడం సహజం. కానీ మన ఒంటికి అదురు చాలా ముందే తెలిసిపోతుంది. నేల సెకనుకు 0.3 మిల్లీమీటర్ల వేగంతో కదిలినా ఇంట్లో కూర్చున్న మనిషికి తెలుస్తుంది. గనుల్లో పేలుళ్ల వల్ల చుట్టుపక్కల ఇళ్లు దెబ్బతినకుండా గనుల భద్రతా విభాగం 1997లో పెట్టిన హద్దుల్లో, మామూలు ఇళ్లకు అన్నిటికంటే కఠినమైన హద్దే సెకనుకు 5 మిల్లీమీటర్లు. అంటే మనకు భయం వేసే అదురుకూ, గోడకు హాని చేసే అదురుకూ మధ్య పదిహేను రెట్లకు పైగా తేడా ఉంది. బ్రేకర్ పాత ప్లాస్టరును రాల్చగలదు, ఎప్పటినుంచో ఉన్న సన్నటి పగులును బయటపెట్టగలదు. అసలు ప్రమాదం ఎక్కువగా తవ్వకం నుంచి వస్తుంది.

పాత అపార్ట్‌మెంట్ల పునాదులు చాలావరకు ఐదారు అడుగుల లోతులోనే ఉంటాయి. పక్కన సెల్లార్ గుంత పది పన్నెండు అడుగులు దిగితే, మన పునాది కింద ఉన్న మట్టికి ఒక పక్క ఆధారం పోతుంది. మొరం నేల గోడలా నిలబడినట్టే కనిపిస్తుంది గానీ వాన పడితేనో, నీళ్ల లారీ పక్కన నిలిపితేనో జారుతుంది. చిన్న ప్లాట్లలో కూడా సెల్లార్‌కూ సరిహద్దుకూ మధ్య కనీసం మీటరున్నర వదలాలని 2012 నాటి జీవో 168 నిబంధనలు చెబుతాయి. వర్షాకాలం దగ్గరపడితే సెల్లార్ తవ్వకాలు ఆపాలని హైదరాబాద్‌లో అధికారులు ఏటా ఆదేశాలిచ్చేది కూడా ఈ మట్టి జారుడుకు భయపడే. సరిహద్దు గోడను ఆనుకుని నిట్టనిలువుగా తవ్వేస్తుంటే అది పక్క భవనానికి ముప్పు.

పగులు తవ్వకం వల్ల వచ్చిందా, పాతదా అన్నది పూర్తిగా తేల్చాల్సింది స్ట్రక్చరల్ ఇంజినీరే. అయినా కొన్ని గుర్తులు మనమూ పట్టుకోవచ్చు. బీముకూ ఇటుక గోడకూ మధ్య అడ్డంగా, తిన్నగా వచ్చే సన్నటి గీత చాలా ఫ్లాట్లలో ఉంటుంది. కాంక్రీటూ ఇటుకా ఎండకు వేరువేరుగా వ్యాకోచించడం వల్ల వచ్చేది అది, దాన్ని పక్కవాళ్ల నెత్తిన వేయలేం. సున్నం మీద వల అల్లినట్టు నలుదిక్కులా పాకిన గీతలు ప్లాస్టర్ ఎండుతూ ముడుచుకున్నవి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా మొదలై, అదే వరుసలో కింది ఫ్లాటులోనూ పై ఫ్లాటులోనూ కనిపించే పగులును మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. పునాది ఒక పక్క కుంగితే గోడ అలాగే చీలుతుంది. అందుకే ఒక్క మన గోడ చూసుకుని ఆగకుండా కిందికి దిగి పార్కింగ్ చూడాలి. ప్రహరీ గోడ పక్కకు ఒరిగిందా, పార్కింగ్ నేల గోడ నుంచి విడిపోయి సందు ఏర్పడిందా, నిన్నటిదాకా సాఫీగా పడిన తలుపు ఇవాళ చౌకట్టుకు రాసుకుంటోందా చూడాలి. ఇవన్నీ ఒకే వారంలో కనిపిస్తే అద్దె మాట పక్కన పెట్టి, ఆ రోజే అసోసియేషన్‌కు చెప్పి, మున్సిపల్ టౌన్ ప్లానింగ్ అధికారులను పిలిపించాలి. స్తంభం మీద పగులు కనిపిస్తే ఇంజినీరు చూసి చెప్పేదాకా ఇంట్లో పడుకోకూడదు.

కొలవడానికి పెద్ద సామగ్రి అక్కర్లేదు. భారతీయ ప్రమాణాల సంస్థ ప్రచురించిన చేతిపుస్తకం ఒక మిల్లీమీటరులోపు పగులును సన్ననిదిగా, ఒకటి నుంచి రెండు దాకా ఓ మోస్తరుదిగా, రెండు దాటితే వెడల్పైనదిగా చెబుతుంది. ఏటీఎం కార్డు మందం సుమారు ముప్పావు మిల్లీమీటరు. కార్డు అంచు దూరనంత కాలం పగులు సన్ననిదే. పగులు ఆగిన చోట పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కన తేదీ వేయాలి. వారం తర్వాత పగులు ఆ గీత దాటితే మరో గీత, మరో తేదీ. ఫొటో తీసేటప్పుడు పక్కన పిల్లల స్కేలు ఆనించి పట్టుకోవాలి, ఒకటి దగ్గరగా, ఒకటి గది మొత్తం పడేలా దూరంగా తీయాలి. పగులుకు అడ్డంగా సన్నటి గాజుపట్టీని రెండు చివర్లా గట్టిగా అతికించడం ఇంజినీర్ల పాత పద్ధతి. గోడ ఇంకా కదులుతుంటే గాజు చిట్లుతుంది. వీటన్నిటికంటే విలువైనది ఇంట్లో దిగిన రోజు తీసిన వీడియో. పక్కన రేకులు కట్టడం మొదలైన రోజైనా సరే, ఇల్లంతా ఒకసారి వీడియో తీసి ఓనర్‌కు పంపేయాలి. పంపిన తేదీ ఫోన్‌లోనే నిలిచిపోతుంది.

ఇవన్నీ చేతికొచ్చాక మన ఉదాహరణలోని కుటుంబం ఓనర్‌కు రాసిన ఉత్తరం ఇలా ఉంటుంది. వాట్సాప్‌లో పంపి, అదే ఈమెయిల్‌లోనూ పెట్టారు.

"అంకుల్, నమస్తే. మన ఫ్లాటుకు తూర్పున ఉన్న ప్లాటులో నవంబర్ 3 నుంచి సెల్లార్ తవ్వుతున్నారు. 12 నుంచి పొద్దున 9 మొదలు సాయంత్రం 6 దాకా రాయి కొట్టే బ్రేకర్ నడుస్తోంది. తూర్పు పడకగది, దాని బాల్కనీ పగటిపూట వాడలేకపోతున్నాం. దుమ్ముకు పాపకు దగ్గు వస్తోంది, డాక్టర్ చీటీ ఫొటో పెడుతున్నాను. ఆ గదిలో కిటికీ కింది మూల నుంచి 22న పగులు కనిపించింది. ఆ రోజు పొడవు 40 సెంటీమీటర్లు, ఇవాళ డిసెంబర్ 1న 55. ఇంకా ఏటీఎం కార్డు దూరేంత వెడల్పు లేదు. మేం దిగిన రోజు మీకు పంపిన వీడియోలో ఆ గోడ శుభ్రంగా ఉంది. కింది ఫ్లాటు వాళ్లకూ అదే మూలలో పగులు వచ్చింది. ఇందులో మీ తప్పేమీ లేదు. మీరు, అసోసియేషన్ బిల్డర్‌తో మాట్లాడటానికి పనికొస్తాయని ప్రతి ఆదివారం కొలతలు, ఫొటోలు పంపుతాను. మిమ్మల్ని మూడు విషయాలు అడుగుతున్నాం. సెల్లార్ గోడ పూర్తయ్యేదాకా, ఎక్కువలో ఎక్కువ నాలుగు నెలలు, అద్దెలో నెలకు 4,000 తగ్గించండి. ఈ పగుళ్లు మా వల్ల వచ్చినవి కావని, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో వీటికి కోత ఉండదని ఒక మాట రాసివ్వండి. ఇంజినీరు చూడటానికి మీరు ఒక రోజు చెబితే ఇంట్లో ఉంటాం. డిసెంబర్ అద్దె పూర్తిగా పంపాను. మీరు ఒప్పుకున్నాకే తగ్గించి పంపుతాం."

ఇందులో చివరి రెండు వాక్యాలే నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తాయి. ఒప్పందం కుదిరేదాకా పూర్తి అద్దె కట్టడం వల్ల అద్దెదారు మాటకు బలం వస్తుంది. రెండో కోరిక కూడా చిన్నదేమీ కాదు. మన దగ్గర ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె అడ్వాన్స్‌లో కోయడం మామూలైపోయింది. ఏడాది తర్వాత ఆ పగులు చూసిన ఓనర్‌కు పక్క ప్లాటు గుర్తుకు రాదు, అద్దెకున్నవాళ్లే గుర్తుకొస్తారు. నాలుగు వేల తగ్గింపు రాకపోయినా ఈ ఒక్క మాట రాతలో ఉంటే ముందుముందు ఇరవై ఆరు వేల గొడవ తప్పుతుంది.

ఆ 4,000 ఎక్కడి నుంచి వచ్చింది? ఫ్లాటులో వాడుకునే చోటు సుమారు 1,000 చదరపు అడుగులు. తూర్పు పడకగది 130, బాల్కనీ 40. రెండూ కలిపి నూటికి 17 వంతులు. అద్దెలో ఆ వంతు 4,420. రాత్రిపూట గది వాడుకుంటున్నారు గదా అంటే కొంత తగ్గాలి. ఇల్లంతటికీ దుమ్ము, చప్పుడు ఉన్నాయి గదా అంటే కొంత పెరగాలి. అందుకే 4,000 దగ్గర నిలబడ్డారు. ఈ లెక్కకు కోర్టు ముద్రేమీ లేదు. కానీ "ఏదో తగ్గించండి" అనే మాటకు ఓనర్ "ఏమీ లేదు" అని సులువుగా అనేస్తాడు, కొలత చూపిస్తే కొలత మీదే మాట్లాడాల్సి వస్తుంది.

ఓనర్ వైపు లెక్కా ఒకటుంది. మూడు వేల చొప్పున నాలుగు నెలలు తగ్గిస్తే ఆయనకు పోయేది 12,000. ఈ కుటుంబం ఖాళీ చేసి వెళ్తే, బ్రేకర్ నడుస్తుండగా ఫ్లాటు చూడటానికి వచ్చినవాళ్లు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు. ఒక్క నెల ఖాళీగా ఉన్నా పోయేది 26,000. ఈ మాటను బెదిరింపులా అనకూడదు, అనక్కర్లేదు కూడా. "మాకు ఇక్కడే ఉండాలనుంది అంకుల్, పాప స్కూలు దగ్గర" అంటే ఆయనకు అర్థమవుతుంది. ఆయన రెండు వేలన్నారు, వీళ్లు మూడున్నర అన్నారు, మూడు వేల దగ్గర తెగింది.

కొందరు ఓనర్లకు ఆ అద్దె మీదే ఇల్లు గడుస్తుంది, నిజంగానే తగ్గించలేరు. అలాంటప్పుడు డబ్బు కాకుండా వేరే విధంగా అడగొచ్చు. రెన్యువల్‌లో పెంచే ఐదు శాతం ఈసారి వదిలేయమనొచ్చు. తూర్పు కిటికీలకు రబ్బరు బీడింగ్ వేయించమనొచ్చు. నోటీసు కాలం, మిగిలిన అగ్రిమెంటు కాలం పట్టింపు లేకుండా వెళ్లిపోవడానికి అనుమతి అడగొచ్చు. ఇల్లు మారాలనుకునేవాళ్లకు అన్నిటికంటే లాభం ఈ చివరిదే. చట్టం ప్రకారం ఇంట్లో రిపేరు చేయించాల్సిన బాధ్యత ఓనర్‌దై ఉండి, నోటీసు ఇచ్చినా చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. కానీ ఆ బాధ్యత ఓనర్‌దని అగ్రిమెంటులో రాసి లేకపోతే ఆ దారి జారుడే. కాబట్టి బీడింగ్ అయినా సరే ముందు "సరే, చేయించుకో" అన్న మెసేజ్ తీసుకున్నాకే మేస్త్రీని పిలవాలి.

మాట కుదిరాక ఓనర్ నుంచి రావాల్సింది పెద్ద డాక్యుమెంటేమీ కాదు. ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎంత, ఏది జరిగితే ముందే ఆగుతుంది అన్నవి ఉంటే చాలు. "జనవరి నుంచి ఏప్రిల్ దాకా అద్దె 23,000. అంతకుముందే సెల్లార్ రిటైనింగ్ గోడ పూర్తయితే ఆ తర్వాతి నెల నుంచి మళ్లీ 26,000. తగ్గించిన మొత్తం బాకీ కింద లెక్కకు రాదు. అగ్రిమెంటులో మిగతా షరతులు మారవు." బాకీ కాదన్న ఆ వాక్యం లేకపోతే, ఖాళీ చేసే రోజున ఆ పన్నెండు వేలు "అప్పుడు ఆగి కట్టమన్నా" అన్న మాటగా మారే ప్రమాదం ఉంది. నిర్మాణం మొత్తం పూర్తయ్యేదాకా తగ్గింపు అడగడం కూడా సమంజసం కాదు. సెల్లార్ పైకొచ్చి స్లాబులు పడే దశలో చప్పుడుంటుంది గానీ బ్రేకర్ నరకం ఉండదు. టైల్స్, గ్రానైట్ కోసే దశలో మళ్లీ దుమ్ము లేస్తుంది, అప్పుడు మళ్లీ అడగొచ్చు.

ఇక బిల్డర్. అద్దెదారు నేరుగా మాట్లాడాల్సింది దుమ్ము, చప్పుడు గురించే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా శబ్దం చేసే నిర్మాణ యంత్రాలు నడపనే కూడదు. పగటి చప్పుడు మీద ఫిర్యాదుకు కొలతలు, వాదనలు కావాలి. రాత్రి పదకొండింటికి బ్రేకర్ నడిస్తే టైమ్ కనిపించేలా తీసిన వీడియో చాలు, 112కు ఫోన్ చేయొచ్చు. ఫోన్‌లోని డెసిబెల్ యాప్ అంకెను అధికారులు ప్రమాణంగా తీసుకోరు, ఏ వేళ ఎక్కువగా ఉందో మనం తెలుసుకోవడానికి పనికొస్తుంది. దుమ్ము విషయంలో 2018లో కేంద్రం తెచ్చిన నిబంధనలు మట్టి, ఇసుక కుప్పల మీద కప్పు ఉండాలని, నీళ్లు చల్లాలని, భవనం ఎత్తులో మూడో వంతు ఎత్తున, పది మీటర్లకు మించకుండా, అడ్డుతెర కట్టాలని, ఆరుబయట రాళ్లూ టైల్సూ కోయకూడదని చెబుతాయి. సైటు ఇంజినీరుకు ఈ నాలుగూ చూపించి, బ్రేకర్ మొనపై నీళ్ల పైపు పట్టమంటే సగం దుమ్ము అక్కడే అణిగిపోతుంది. మంచిగా అడిగినప్పుడు చాలామంది సూపర్‌వైజర్లు ఒప్పుకుంటారు, పాప మధ్యాహ్నం పడుకునే గంటన్నర బ్రేకర్‌ను ఆవలి వైపుకు తిప్పుతారు కూడా.

పగుళ్ల సంగతి బిల్డర్‌తో తేల్చాల్సింది ఓనరూ అసోసియేషనూ. అప్పుడు అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. నిర్మాణానికి కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ తీసుకున్నారా? తీసుకుంటే అందులో పక్కవాళ్ల ఆస్తి నష్టానికి కవరేజీ ఉందా? ఉందని చెప్పినంత మాత్రాన ఆగకూడదు. అదురు వల్ల, నేల ఆధారం పోవడం వల్ల పక్క భవనానికి జరిగే నష్టాన్ని ఈ పాలసీలు మామూలుగా మినహాయిస్తాయి. దానికి విడిగా ప్రీమియం కట్టి చేర్పించుకోవాలి. ఆ పేజీ చూపించమని అడగాలి.

మన ఉదాహరణలో అసోసియేషన్ పిలిపించిన ఇంజినీరు రెండో అంతస్తుకు రాకముందే పార్కింగ్‌లో ఆగిపోయాడు. ప్రహరీ వెంబడి నేలకూ గోడకూ మధ్య వేలు దూరేంత సందు ఉంది. అవతల మట్టి గోడ ఏ ఆధారమూ లేకుండా నిట్టనిలువుగా ఉంది. ఆదివారం ఆదివారం పంపిన కొలతలు పట్టుకుని ఓనర్లంతా కలిసి బిల్డర్ దగ్గరికి వెళ్లారు. తేదీలతో సహా ఫొటోలు కనిపించేసరికి "పాత పగుళ్లే సార్" అన్న మాట ఎక్కువసేపు నిలబడలేదు. మట్టి గోడలోకి ఇనుప రాడ్లు దించి, జాలీ కట్టి, కాంక్రీట్ కొట్టించారు. డిసెంబర్ 1న 55 సెంటీమీటర్లున్న పగులు 58 దగ్గర ఆగింది.

పగులుకు మరమ్మతు ఎప్పుడు చేయించాలన్నది ఇంకా మిగిలి ఉంది. గోడ చూడటానికి బాగాలేదని బిల్డర్ మర్నాడే మేస్త్రీని పంపి పుట్టీ పూయిస్తానంటాడు, అద్దెకున్నవాళ్లు ఊపిరి పీల్చుకుని సరేనంటారు. అప్పుడే ఒప్పుకోకూడదు. పుట్టీ పెడితే పెన్సిల్ గీతలు పోతాయి, పగులు ఇంకా సాగుతోందో లేదో తెలిసే దారి పోతుంది, ఓనర్ సాక్ష్యం కూడా దానితోనే పోతుంది. సెల్లార్ గోడ పూర్తయి, దాని వెనక మట్టి నింపి, ఆ తర్వాత ఒక వానాకాలం గడిచేదాకా చూసి, గీత కదలకపోతే అప్పుడు పగులును వి ఆకారంలో తొలిచి, నింపి, గది మొత్తానికి రంగు వేయించమనాలి. ఒక్క పట్టీకి వేస్తే రంగు కలవదు. ఆ ఖర్చు బిల్డర్ భరిస్తాడని ఓనర్ పేరున రాయించుకోవాలి, ఎందుకంటే అప్పటికి ఆ ఇంట్లో ఈ కుటుంబమే ఉంటుందని చెప్పలేం.